బ్రాండ్ వదిలేయండి, పాత సూది చూపించండి

ప్రశ్న: మా అవ్వ కుట్టు మిషన్ మదనపల్లె నుంచి బెంగళూరు తెచ్చుకున్నాం. మీద పేరు చెరిగిపోయింది. ఫొటో పెట్టి వెతికితే యాప్ రోజుకో బ్రాండ్ చెబుతోంది. అందాజుగా ఆన్‌లైన్‌లో 100 సూదులు తెప్పించాను, ఏది పెట్టినా కుట్టు వదిలేస్తోంది. ఫొటోలు పంపుతున్నాను, బ్రాండ్ ఏదో చెబితే సరైన సూదులు కొనుక్కుంటా.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

ఈ నెలలో ఇలాంటి ఉత్తరం ఇది మూడోది. ముగ్గురూ అడిగింది ఒకటే, బ్రాండ్. అసలు చిక్కంతా అక్కడే ఉంది. సూదికి బ్రాండుతో పని లేదు.

మీరు మొదట పంపిన నాలుగు ఫొటోలూ ఫ్లాష్ వేసి తీసినవి. నల్ల పెయింటు మీద తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనపడలేదు. అయినా యాప్ ధీమాగా పేరు చెప్పేసింది. దానికి 'తెలియదు' అనడం రాదు, నాకు ఒళ్లు మండేది అందుకే. నల్ల రంగు, బంగారు పూలు, పక్కన చక్రం కనపడితే చాలు, ప్రపంచంలో బాగా తెలిసిన పేరు ఒకటి తగిలించేస్తుంది. నిజానికి సింగర్ వాళ్ల 15 నంబర్ మోడల్‌ని జపాన్‌లో, మన దేశంలో లెక్కలేనన్ని ఫ్యాక్టరీలు అచ్చు దింపాయి. చాలా వాటి మీద ఉండేది తయారు చేసినవాళ్ల పేరు కూడా కాదు, అమ్మిన షాపు వేయించుకున్న పేరు. మీ మిషన్ స్తంభం మీద ఉన్న చిన్న ఇత్తడి బిళ్ల ఫొటో మళ్లీ తెప్పించుకుని చూశాను. ఫ్లాష్ ఆపి, టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేయమన్నాను కదా, అప్పుడు అక్షరాల నీడలు లేచాయి. అది ఎవరో డీలర్ పేరు. కింద పలక మీద గుద్దిన నంబరులో ఒక్క అక్షరం కూడా లేదు, ఉత్త అంకెలే. 1900 తర్వాత వచ్చిన సింగర్ మిషన్లయితే అంకెల ముందు ఒకటో రెండో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. కాబట్టి మీది సింగర్ అనుకోవడానికి ఆధారం లేదు. బ్రాండ్ సంగతి అంతటితో ఆపేద్దాం.

(ఒక మాట. మీ ఫోన్ తీసిన నంబర్ ఫొటోలో ఒక అంకె ఒకసారి 3లా, ఇంకోసారి 8లా ఉంది. కంటికి అందం కోసమని కెమెరా సాఫ్ట్‌వేర్ గరుకుని నునుపు చేసి, లేని గీతల్ని ఊహించి గీసేస్తోంది. ముఖాలకు చేసే మేకప్ ఇనుప ముక్కకు ఎందుకో నాకైతే అర్థం కాదు. అంకెలు చదవాల్సినప్పుడు ఆ 'మెరుగు' ఆప్షన్లన్నీ ఆపండి, రెండు మూడు ఫొటోలు తీసి పోల్చుకోండి.)

మీ ఫొటోల్లో నాకు పనికొచ్చినవి రెండే. మొదటిది ఎడమ చివర నుంచి తీసింది. దారం బిగువు తిప్పే బిళ్ల ముందువైపు లేదు, ఎడమ చివర ముఖం మీద ఉంది. కింద గుండ్రటి బాబిన్, అది పట్టే కేస్ ఎడమ పక్క నుంచి లోపలికి పోతోంది. ఈ రెండూ కలిశాయంటే అది 15 నంబర్ వంశం. అవ్వలూ అమ్మమ్మల ఇళ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే. బాబిన్ గుండ్రంగా కాకుండా పొడుగ్గా, తూటా లాంటి షటిల్లో కూర్చునేదైతే అది వేరే కథ. అక్కడ కూడా నేను పాత సూదే అడిగేవాణ్ణి.

రెండో ఫొటో అసలైనది. మీ అవ్వ పాత సూదిని గుడ్డ ముక్కకు గుచ్చి డ్రాయర్లో దాచారు చూశారా, ఆమెకు దండం పెట్టాలి. తెల్ల కాగితం మీద స్టీలు స్కేలు, దానికి ఆనించి సూది, పైన అడుగు ఎత్తులో ఫోన్ నిటారుగా, రెండింతల జూమ్. ఇంతే. మరీ దగ్గరకు వెళ్లి మాక్రోలో తీస్తే చాలా ఫోన్లు చిన్న నాసిరకం లెన్సుకు మారిపోతాయి, స్కేలు కూడా వంగినట్టు కనపడుతుంది. ఆ ఫొటోలో సూది లావు భాగం, అంటే మిషన్‌లో బిగించే పైభాగం, ఒక వైపు చదునుగా ఉంది. లావు 2 మిల్లీమీటర్లు. మొత్తం పొడవు 38 మిల్లీమీటర్లకు కాస్త పైన. ఇది ఇళ్లలో వాడే మామూలు సూది. దాన్నే ఒకరు HAx1 అంటారు, ఒకరు 15x1 అంటారు, యూరప్ ప్యాకెట్ల మీద 130/705 H అని ఉంటుంది. మూడూ ఒకటే. వెతికేటప్పుడు బ్రాండ్ పేరు కాదు, ఇది టైప్ చేయండి.

మరి ఆ 100 సూదుల సంగతి? ప్యాకెట్ ఫొటో మీద సన్న అక్షరాల్లో DBx1 అని ఉంది. అది పెద్ద కరెంటు మిషన్ల సూది. పొడవులో పెద్ద తేడా కనపడదు, అందుకే మోసపోతాం. కానీ దాని పైభాగం పూర్తిగా గుండ్రం, లావు 1.6 మిల్లీమీటర్ల చిల్లర. 2 మిల్లీమీటర్లకు చేసిన చోట అది వదులుగా కూర్చుంటుంది. స్క్రూ బిగించినా ఓ పక్కకు ఒరుగుతుంది. ఇప్పుడు కింద ఏం జరుగుతుందో చూడండి. సూది అట్టడుగుకు దిగి, రెండు మిల్లీమీటర్ల చిల్లర పైకి లేచేసరికి కన్ను దగ్గర దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. ఆ క్షణంలో తిరిగే కొక్కెం మొన సూదిని దాదాపు రాసుకుంటూ వచ్చి ఆ ఉచ్చును అందుకోవాలి. సూది వెంట్రుకవాసి పక్కకు జరిగినా, కొంచెం తిరిగి ఉన్నా, కొక్కెం ఉత్తి గాలిని పట్టుకుని పోతుంది. మీకు పైన కనిపించేది నాలుగు కుట్లు పడి రెండు మాయం కావడం. మిషన్ పాడైపోయిందని మెకానిక్‌ని పిలిచి ఉంటే ఆయన టైమింగ్ మార్చి నిజంగానే పాడు చేసి ఉండేవాడు.

తేడా తెలుసుకోవడానికి స్కేలు కూడా అక్కర్లేదు. సూదిని అద్దం మీద పెట్టి వేలితో నెట్టండి. DBx1 దొర్లుకుంటూ పోతుంది. ఇంటి సూది చదును మీద ఆగిపోతుంది. వంగిన సూది కూడా అద్దం మీదే దొరికిపోతుంది, మొన దగ్గర సందు హెచ్చుతగ్గులుగా కనపడుతుంది.

కొత్తది పెట్టేటప్పుడు చాలామంది చదును ఎటు అని తికమక పడతారు. సూదికి ఒక వైపు పొడుగాటి గాడి ఉంటుంది, చదును దానికి సరిగ్గా ఎదురు వైపు. దారం గాడి వైపు నుంచే కన్నులోకి వెళ్లాలి. సూదికి పైన దారం దాటే చివరి కొక్కీ ఎటు ఉంటే గాడి అటు తిరగాలి. పైకి పూర్తిగా ఆనేదాకా తోసి అప్పుడు స్క్రూ బిగించండి. జాకెట్ల కాటన్‌కి 14 నంబర్ చాలు. దాన్నే 90 అని కూడా రాస్తారు, అంటే 0.9 మిల్లీమీటర్ల లావు. దుప్పటి, మందం గుడ్డలకు 16. చిక్‌పేటలో కుట్టు సామాన్ల షాపుకి పాత సూది పట్టుకెళ్లి చూపిస్తే బ్రాండ్ ఏదని ఎవరూ అడగరు. కొనుగోలు సైట్లే 'బ్రాండ్ ఎంచుకోండి' అని తప్పనిసరి గడి పెట్టి, సూది రకం మాత్రం ఎక్కడా రాయకుండా అమ్ముతాయి. చెప్పుల సైజు లేకుండా చెప్పులు అమ్మినట్టు ఉంటుంది.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టిన విషయం. మీరు బ్రాండ్ కనుక్కోవడానికి ఆ ఫొటోలనే పాత సామాన్లు కొని అమ్మే గ్రూపులో పెట్టారు, ఫోన్ నంబర్ కూడా ఇచ్చారు. మర్నాడే ఒకాయన ఫోన్ చేసి, సూది దగ్గర మొబైల్ పెట్టి సిగ్నల్ పోతుందేమో చూడమ్మా, పోతే లక్షలు ఇస్తాం అన్నాడని రాశారు. ఇది పాత పాటే. 2009లో సౌదీలో, సింగర్ మిషన్లలో 'రెడ్ మెర్క్యురీ' ఉంటుందని పుకారు లేచింది. అది ఉంటే మొబైల్ కాల్ కట్ అవుతుందన్నారు. ఒక్కో మిషన్‌కి రెండు లక్షల రియాళ్ల దాకా ఇచ్చినవాళ్లున్నారని వార్తలొచ్చాయి. అలాంటి పదార్థం ఏ కుట్టు మిషన్‌లోనూ లేదు. సిగ్నల్ పోయిందంటే ఆ గదిలో సిగ్నల్ లేదని, అంతే. ఈ ఆట ఎటు పోతుందో కూడా వినండి. కాసేపటికి అడ్వాన్స్ పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటాడు. యూపీఐ పిన్ మన డబ్బు బయటికి పోవడానికే కొడతాం, లోపలికి రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. ఆ కాల్ మీరు కాక అవ్వ ఎత్తి ఉంటే? ముందు ఆ పోస్టు తీసేయండి, నంబర్ బ్లాక్ చేయండి, ఇంట్లో ఫోన్ ఎత్తే అందరికీ చెప్పండి.

ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. వాట్సాప్‌లో ఫొటో పంపితే నలిగిపోయి స్కేలు గీతలు కనపడటం లేదని, డాక్యుమెంటుగా పంపమన్నాను. ఫొటోగా పంపితే లొకేషన్ రాలిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఫైలు యథాతథంగా వస్తుంది, దాంతోపాటు ఎక్కడ తీశారో కూడా. సూది ఫొటో వివరాలు తెరవగానే మ్యాప్‌లో మీ అపార్ట్‌మెంట్ గేటు కనపడింది. ఆ ఫైలు డిలీట్ చేశాను. మీరు కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి. ఇప్పటికే తీసిన వాటిని ఎవరికైనా పంపాల్సి వస్తే స్క్రీన్‌షాట్ తీసి అది పంపండి. అసలు ఫోన్ కొన్న రోజు నుంచే ఇది ఆఫ్‌లో ఉండాలి, కానీ కొత్త ఫోన్ పెట్టెలోంచి తీయగానే 'అనుమతించు' బటనే పెద్దగా, నీలం రంగులో మెరుస్తూ ఉంటుంది, 'వద్దు' అనేది బూడిద రంగులో ఓ మూల నక్కి ఉంటుంది.

మిగిలిన ఆ 90 చిల్లర సూదులు పారేయకండి. మీ వీధిలో పెద్ద కరెంటు మిషన్ మీద కుట్టే టైలర్ ఉంటాడు కదా, ప్యాకెట్ మీద DBx1 చూపించి ఇచ్చేయండి. ఆయనకు కావాల్సింది అవే. బదులుగా ఒక ఫాల్ కుట్టించుకోవచ్చు, అవ్వ ఒప్పుకుంటే.