తడి చెత్తను కాల్చాలా, కుళ్లబెట్టాలా?

ప్రశ్న: కావలి లాంటి ఊళ్లో కలిపేసిన చెత్తను కాల్చి కరెంటు తీయడం మేలా, కంపోస్టు చేయడం మేలా?

రోజుకు 40 టన్నులు అనుకుందాం. కూరగాయల తొక్కలు, అరిటాకులు, మిగిలిన అన్నం కలిసిన చెత్తలో సగం బరువు నీళ్లే ఉంటాయి. కిలో చెత్తలోని ఆ అరకిలో నీటిని ఆవిరి చేయడానికే దాదాపు 300 కిలోక్యాలరీల వేడి పోతుంది. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు కరెంటుకు పంపమన్నది కిలోకు 1500 కిలోక్యాలరీలు, ఆపైన వేడినిచ్చే, మళ్లీ వాడలేని చెత్తను. మన తడి చెత్త అంత వేడినివ్వడం కష్టం, వానాకాలంలో మరీను. పైగా గుంటూరు ప్లాంటు 15 మెగావాట్లది, దానికే చుట్టుపక్కల ఊళ్ల చెత్త కావాలి. 40 టన్నులకు సొంత ప్లాంటు గిట్టదు.

అలాగని కలిపిన చెత్తనే కుప్ప పోస్తే మంచి ఎరువు రాదు. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటితే క్రిములు చస్తాయి గానీ గాజుపెంకులు, బ్యాటరీల సీసం అలాగే ఉంటాయి. పొదలకూరు నిమ్మతోట రైతు చేతికి ఒక్క బ్లేడు ముక్క తగిలితే చాలు, రెండో లోడు తీసుకోడు.

నా ఓటు కంపోస్టుకే, కానీ ఇంటి దగ్గరే తడి చెత్త వేరు చేస్తేనే. కుప్పలోంచి గుప్పెడు తీసి పిండండి. నీళ్లు కారితే ఎండుటాకులు కలిపి తిరగేయాలి, లేదంటే కంపు మొదలవుతుంది. దీనికి స్థలం, నెలన్నర రెండు నెలల ఓపిక కావాలి. మిగిలిన పొడి ప్లాస్టిక్ సిమెంటు ఫ్యాక్టరీకి పోవచ్చు.