సన్‌స్క్రీన్ మానేస్తే విటమిన్ డి పెరుగుతుందా?

డాక్టర్ గారూ, మాది హనుమకొండ. నాకు 34 ఏళ్లు. తెల్లగా ఉంటాను, బుగ్గలపై మంగు మచ్చలున్నాయి. రోజూ సన్‌స్క్రీన్ రాసుకుంటాను. విటమిన్ డి 16 వచ్చింది. మా వారు నల్లగా ఉంటారు, బట్టల షాపు నడుపుతారు, క్రీములేవీ వాడరు. ఆయనకు 11 వచ్చింది. నేను సన్‌స్క్రీన్ మానేయాలా? ఇద్దరం పొద్దున ఏడింటికి బంగ్లా మీద నడుస్తాం, అది సరిపోదా?

సన్‌స్క్రీన్ మానకండి. మామూలుగా మనం రాసుకునే మోతాదులో అది విటమిన్ డిని పెద్దగా అడ్డుకోదు. మీ వారి రిపోర్టే చూడండి, ఏ క్రీమూ రాయకుండానే ఆయనకు మీకన్నా తక్కువ ఉంది. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్, విటమిన్ డి తయారుచేసే యువిబి కిరణాలను చాలావరకు పీల్చేసుకుంటుంది. అందుకే నల్లటి చర్మానికి తెల్లటి చర్మం కన్నా కొన్ని రెట్లు ఎక్కువసేపు ఎండ కావాలి. ఆయనేమో పగలంతా షాపు లోపలే ఉంటారు. అద్దంలోంచి పడే ఎండలో కూర్చున్నా లాభం లేదు, యువిబిని గాజు ఆపేస్తుంది. మంగును పెంచే యువిఎ మాత్రం గాజు దాటి వస్తుంది.

ఏడింటి ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి అందులో యువిబి చాలా తక్కువ. నడక ఒంటికి మంచిదే గానీ డి కోసమైతే మీ నీడను చూసుకోండి. నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా పడితేనే ఆ ఎండ పనికొస్తుంది. మన వరంగల్ వైపు మే నెలలో తొమ్మిదింటికే నీడ అలా పొట్టిదవుతుంది, డిసెంబరులో దాదాపు పదకొండు కావాలి. మే మధ్యాహ్నం మాత్రం వద్దు, డి కన్నా ముందు వడదెబ్బ తగులుతుంది.

మీకు వారంలో మూడు నాలుగు రోజులు 10 నుంచి 15 నిమిషాలు చాలు, ఆయనకు అరగంట దాటాలి. మోచేతుల పైదాకా చేతులు, మోకాళ్ల కింద కాళ్లు బట్ట లేకుండా ఎండకు పెట్టండి. ముఖం ఒంట్లో చిన్న భాగమే, దాన్ని కప్పుకున్నా డికి వచ్చే నష్టం తక్కువ. ఎండకు పెడితే మాత్రం మంగు ముదురుతుంది. చర్మం ఎర్రబడేదాకా ఉండొద్దు. ఒక హద్దు దాటాక చర్మంలో తయారైనదే విరిగిపోతుంది, అదనంగా డి ఏమీ చేరదు.

ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవున ఎస్‌పిఎఫ్ 30 లేదా 50 క్రీము రాయండి. మంగుకు కంటికి కనిపించే వెలుతురు కూడా కారణమే. అందుకే ఐరన్ ఆక్సైడ్ ఉన్న, చర్మం రంగు కలిపిన సన్‌స్క్రీన్ అడిగి తీసుకోండి. తెల్లటిది దీనికి అంతగా పనిచేయదు. ఆయన నలుపు ఆయనకు కొంత రక్షణే అయినా, బండి మీద ఎక్కువసేపు తిరిగే రోజుల్లో రాసుకోవాలి.

అయితే 11, 16 ఉన్నప్పుడు ఎండ ఒక్కదానితో గట్టెక్కడం కష్టం. పెద్దవాళ్లకు సాధారణంగా 60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు ఇస్తాం. నూనె, నెయ్యి ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. కిడ్నీలో రాళ్లు ఉన్నా, క్యాల్షియం ఎక్కువున్నా డాక్టర్‌కు చూపించకుండా మొదలుపెట్టొద్దు. తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే, చీటీ సరిగా చదవక ఈ వారం మాత్రను రోజూ మింగేయడం. వాంతులు, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం మొదలైతే మాత్ర ఆపి, వెంటనే రక్తంలో క్యాల్షియం, క్రియాటినిన్ చూపించుకోవాలి. కోర్సు మొదలుపెట్టిన మూడు నెలలకు ఇద్దరూ మళ్లీ డి పరీక్ష చేయించుకోండి.