పరామర్శ వేరు, మెమో వేరు

ప్రశ్న: నాకు నలభై ఏళ్ళు. రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు బ్యాంకు శాఖకు మేనేజరుని. మా శాఖలో లోన్లు చూసే ఆఫీసరూ నేనూ ఒకే బ్యాచ్‌లో చేరాం. ఎనిమిదేళ్ళు పక్కపక్క సీట్లలో పనిచేశాం. రెండేళ్ళ క్రితం నాకు ప్రమోషన్ వచ్చినప్పటి నుంచి ఆయన నన్ను 'మేడమ్' అంటున్నారు, నేనూ 'మీరు' అనడం మొదలుపెట్టాను. టార్గెట్లు తగ్గాయని పైఆఫీసు ఒత్తిడి చేస్తే ఈమధ్యే ఆయనకు మెమో ఇచ్చాను. జవాబు ఇంకా రాలేదు. ఇంతలో నాలుగు రోజుల క్రితం కోనసీమలో వాళ్ళ ఊళ్ళో ఆయన తల్లి చనిపోయారు. ఇద్దరు అన్నదమ్ముల్లో ఆయన చిన్నవారు. ఆఫీసు గ్రూపులో శాఖ తరపున సంతాపం తెలిపాను కానీ విడిగా ఏమీ రాయలేదు. ఆవిడ ప్రతి వేసవిలోనూ నాకంటూ వేరే సీసాలో మాగాయ పంపేవారు. విడిగా రాస్తే మెమో విషయంలో మెత్తబడ్డానని ఆయన అనుకుంటారేమో, ఇంటికి వెళ్తే శాఖలో ఏమనుకుంటారో అని వెనకాడుతున్నాను. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఉంది కాబట్టి చావింటికి వెళ్ళవద్దని మా అత్తగారు అంటున్నారు. హద్దు దాటకుండా ఏమని మెసేజ్ పెట్టాలో రాసి ఇవ్వగలరా?

జవాబు: అమ్మా, మెసేజ్ రాసి ఇవ్వడం పెద్ద పని కాదు, కిందనే ఇస్తాను. కానీ మీకు కరువైనవి మాటలు కావు. మీ ఉత్తరంలో మెమో సంగతి ముందు వచ్చింది, ఆయన తల్లి పోయిన సంగతి తరువాత వచ్చింది, మాగాయ సంగతి ఇంకా తరువాత వచ్చింది. ఆ పెద్దావిడ జబ్బుచేసి పోయారా, హఠాత్తుగా పోయారా అన్నది ఒక్క ముక్క కూడా లేదు. మీరు కనుక్కోలేదని నాకు అర్థమైంది. శాఖలో ఏమనుకుంటారన్నదీ, అత్తగారి అభ్యంతరమూ మీకు దొరికిన సాకులు మాత్రమే. అసలు చిక్కు, ఒకప్పటి తోటి ఉద్యోగికీ మీకూ మధ్య ఈ రెండేళ్ళుగా పెరిగిన దూరంలో ఉంది. మెమో మీద సంతకం పెట్టిన తరువాత ఆయన ముఖం చూడలేకపోతున్నారు, దానికి హద్దు అని పేరు పెట్టుకున్నారు.

మెమో ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. ఆ కుర్చీలో కూర్చున్నవారు ఇవ్వవలసి వచ్చినప్పుడు ఇస్తారు. అయితే ఆ కాగితం పరామర్శకు అడ్డురాకూడదు, పరామర్శలో ఆ కాగితం ఊసు రాకూడదు. అందుకని ముందు మెమో సంగతి తేల్చండి. సాధారణంగా మెమోకు జవాబివ్వడానికి వారమో పదిహేను రోజులో గడువు పెడతారు. మీరిచ్చిన గడువు బహుశా కర్మల రోజుల్లోనే ముగుస్తుంది. ఆయన అక్కడ పిండప్రదానం చేస్తూ ఇక్కడి గడువు తేదీ లెక్కపెట్టుకునే పరిస్థితి రానివ్వకండి. జవాబు గడువును, సెలవు ముగిసి విధుల్లో చేరిన తేదీ నుంచి మరో పదిహేను రోజులకు పొడిగించినట్టు ఆఫీసు మెయిల్‌లో రెండు వాక్యాలు ఈరోజే పంపండి. అందులో 'సానుభూతితో' అన్న మాట పెట్టకండి, తల్లి ప్రస్తావన తేకండి. ఏ ఉద్యోగి సెలవులో ఉన్నా మీరు చేసే పనే ఇది, అలాగే కనిపించాలి. అప్పుడు మీరు విడిగా రాసే మెసేజ్‌లో మెమో గురించి ఏదో సూచన ఉందేమోనని ఆయన వెతుక్కోవలసిన అవసరం ఉండదు, ఆ మెసేజ్ తల్లి గురించి మాత్రమే అవుతుంది.

తరువాత సెలవు. సంతాప సెలవు ఇచ్చి తీరాలని ప్రైవేటు సంస్థలను శాసించే చట్టం మనకు ప్రత్యేకంగా లేదు. ఇచ్చే చోట కూడా మూడు నుంచి ఐదు రోజులకు మించడం అరుదు. మన కర్మలు పది పన్నెండు రోజులు నడుస్తాయి. పైగా తల్లికి చిన్నకొడుకు కర్మ చేయడం మన వైపు చాలా ఇళ్ళలో ఆనవాయితీ. మీ ఆఫీసరే కర్త అయితే, పెద్దకర్మ పూర్తయ్యే దాకా ఆయన ఊరు విడిచి రాలేరు, రాకూడదు కూడా. మిగిలిన రోజులకు ఆయన ఖాతాలో ఏ సెలవు ఉందో మీరే చూసి మంజూరు చేయండి. 'మీకు ఎన్ని రోజులు కావాలో చెప్పండి' అని అడగకండి. మెమో అందుకున్న మనిషి అటువంటి ప్రశ్నకు తక్కువ రోజులే చెబుతారు, తొమ్మిదో రోజున బస్సెక్కి వచ్చేస్తారు.

ఇంకొక విషయం మీకు నేను చెప్పనక్కరలేదు కానీ, ఈ హడావిడిలో మరిచిపోతారని రాస్తున్నాను. లోన్ కస్టమర్ల దగ్గరంతా ఆయన సొంత నంబరే ఉంటుంది. డబ్బు విడుదల కావలసిన రైతో, ఇల్లు కట్టుకుంటున్నవారో కర్మ జరుగుతున్న వేళకే ఫోన్ చేస్తారు. ఈ వారం, వచ్చే వారం పనులున్న కస్టమర్ల జాబితా తీయించి, ఎవరితో మాట్లాడాలో మీ శాఖ నుంచే వాళ్ళకు చెప్పించండి. ఆయన లాగిన్‌లో ఆగి ఉన్న ఫైళ్ళను పైఆఫీసుకు రాసి మరొకరి పేరు మీదకు మార్పించండి. పాస్‌వర్డ్ కోసమో, ఓటీపీ కోసమో ఆ ఇంటికి ఫోన్ వెళ్ళిందంటే బ్యాంకు నిబంధనా చెడుతుంది, మీ పరామర్శకూ విలువ ఉండదు.

ఇవన్నీ అయ్యాకే మెసేజ్. ఇలా రాయండి:

"అమ్మగారు ఇక లేరని తెలిసి చాలా బాధపడ్డాను. ప్రతి వేసవిలోనూ నాకంటూ వేరే సీసాలో మాగాయ పంపేవారు. పక్క సీటులో కూర్చునే మనిషిని కూడా ఇంటి మనిషిగా చూసిన తల్లి ఆవిడ. ఈ మాట మీకు ముందే రాయవలసింది. పెద్దకర్మ పూర్తయ్యే వరకు మీ సెలవు మంజూరైంది, పనులు ఇక్కడ మేము చూసుకుంటున్నాం. దీనికి జవాబు ఇవ్వనవసరం లేదు. ఆదివారం ఉదయం శాఖ నుంచి మేము ముగ్గురం మీ ఇంటికి వస్తున్నాం."

ఇందులో మాగాయ వాక్యాన్ని మాత్రం తీసేయకండి. చనిపోయినవారి గురించి అందరూ రాయగల వాక్యాలు ఆయనకు ఈపాటికే వందల్లో వచ్చి ఉంటాయి. ఓం శాంతి, దండం పెట్టే బొమ్మ, 'ఆ భగవంతుడు మీకు మనోధైర్యం ఇవ్వాలి', ఇవన్నీ వచ్చేసి ఉంటాయి. తన తల్లి తాను లేని చోట, తన ఆఫీసులో ఒక మనిషికి ఏమయ్యారన్నది మాత్రం మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు. మీరు చూపాలనుకుంటున్న ఆప్యాయత ఆ ఒక్క వాక్యంలో ఉంది. అది మీకూ ఆయనకూ ఉన్న పాత స్నేహం గురించి కాక, ఆయన తల్లి గురించే మాట్లాడుతుంది కాబట్టి హద్దు దాటే ప్రశ్నే లేదు. పాత చనువుతో 'నువ్వు' అని మొదలుపెట్టవద్దు. ఆయన తిరిగి ఎలా పిలవాలో తేల్చుకోవలసిన భారం ఈ సమయంలో ఆయన మీద పడుతుంది.

'మీ బాధ నాకు తెలుసు' అనకండి. పెద్ద వయసు కదా, సుఖంగా వెళ్ళిపోయారు అనకండి. ఆ మాట కొడుకు తనకు తాను చెప్పుకోవచ్చు, పై అధికారి చెబితే ఇక లేచి పనిలోకి రమ్మన్నట్టుంటుంది. 'ఏ అవసరమున్నా అడగండి' అన్నది మర్యాదైన మాటే అయినా, మీ దగ్గర మెమో తీసుకున్న మనిషి మిమ్మల్ని ఏమీ అడగరు. అందుకే సెలవు, ఫైళ్ళు ముందే చక్కబెట్టమన్నాను. రాత్రిళ్ళు పొడవాటి మెసేజ్‌లు, రోజూ ఎలా ఉన్నారని వాకబు చేయడం కూడా వద్దు. ఆయన కన్నీళ్ళు పంచుకోవడానికి భార్య, అన్నగారు, చుట్టాలు ఉన్నారు.

ఇంటికి మాత్రం తప్పకుండా వెళ్ళాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. పెళ్ళికి పిలిస్తే వెళ్తాం, చావుకు పిలవకపోయినా వెళ్తాం. మనం పుట్టి పెరిగిన తీరు అది, ప్రమోషన్ వస్తే మారేది కాదు. ఒంటరిగా వెళ్ళకుండా శాఖ నుంచి ఇద్దరిని వెంటబెట్టుకోండి, అందులో ఒకరు ఆయనకు కింద పనిచేసేవారైతే ఇంకా మంచిది. మంగళ, శుక్రవారాలు పరామర్శకు వెళ్ళరు కాబట్టే ఆదివారం అన్నాను. అరగంట కూర్చోండి. ముందు ఆవిడ ఫొటో దగ్గర దండం పెట్టండి. ఆయన భార్యను పలకరించి, చివరి రోజుల్లో ఆవిడకు ఎలా ఉండేదో అడగండి, చెప్పింది పూర్తిగా వినండి. అన్నం నీళ్ళు అందించి కనిపెట్టుకున్నది ఎక్కువగా కోడళ్ళే, వాళ్ళను అడిగేవారు తక్కువ. లేచేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనకూడదని మీకు తెలుసు. శాఖలో వసూలు చేసిన డబ్బు ఇచ్చే పద్ధతి ఉంటే, అందరికీ ఎంత ఇస్తారో ఆయనకూ అంతే, కవరులో పెట్టి అన్నగారి చేతికి ఇవ్వండి. మీ సొంతంగా అదనంగా కలపవద్దు.

అక్కడ ఆయనే మెమో సంగతి ఎత్తవచ్చు. ఇటువంటి సమయంలో మనుషులు చెప్పకూడదనుకున్న మాటే చెబుతారు. అప్పుడు క్షమాపణ చెప్పకండి, రద్దు చేస్తానని మాట ఇవ్వకండి, సమర్థించుకోకండి. 'గడువు పొడిగించాను, అది ఆఫీసులో మాట్లాడుకుందాం, ఈరోజు అమ్మగారి కోసం వచ్చాను' అంటే సరిపోతుంది. వెంట వచ్చినవారి ముందు మెమో చర్చ జరిగితే రేపు ఆయనకే చిన్నతనం.

అత్తగారితో వాదం పెట్టుకోవద్దు. ఆవిడ భయం మనవరాలి పెళ్ళి గురించి, దాన్ని కొట్టిపారేయనక్కరలేదు. అయితే పెళ్ళి మీ ఇంట్లో కాదు, వచ్చే నెలలో కాబట్టి ఇంకా పసుపు దంచి ఉండరు. పసుపు దంచకముందు వెళ్తున్నానని, ఇంటికి రాగానే తలస్నానం చేసి లోపలికి వస్తానని నిదానంగా చెప్పి బయలుదేరండి.

ఆయన తిరిగి వచ్చే రోజున గుండుతో కనిపిస్తారు. కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతి కస్టమరూ తిరుపతి వెళ్ళొచ్చారా అని అడుగుతారు, ప్రతిసారీ ఆయన తల్లి పోయిన సంగతి చెప్పవలసి వస్తుంది. మొదటి రెండు మూడు రోజులు వెనక గదిలో ఫైళ్ళ పని అప్పగించండి, కావాలంటేనే ముందుకు రమ్మనండి. ఏడాది పాటు ఆయనకు పండుగ శుభాకాంక్షలు పంపకండి. దీపావళి మిఠాయిల డబ్బా ఆయన బల్ల మీద పెట్టవద్దని మిగతా వారికీ చెప్పండి. నెలనెలా మాసికానికి ఒక పూట సెలవు అడుగుతారు, ఆ తిథులను ఇప్పుడే మీ క్యాలెండరులో రాసిపెట్టుకుని ఆ రోజుల్లో మీటింగులు పెట్టకండి. వచ్చాక వారం రోజుల వరకు మెమో ఫైలు తెరవవద్దు. తెరిచినప్పుడు ఈ సెలవు రోజులను టార్గెట్ లెక్కలో నుంచి తీసివేసి, ఆ మేరకు తగ్గించిన అంకెను కాగితం మీద రాసి, తలుపు వేసుకుని, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడండి.