పులిహోర కేలరీలు, కనిపించకుండా పోయిన నూనె

ప్రశ్న: ఏ వంటకైనా మళ్ళీ మళ్ళీ వాడుకునేలా ఎక్సెల్‌లో కేలరీల షీటు ఎలా తయారు చేసుకోవాలి? ఒక్కొక్కరి వంతుకు ఎన్ని కేలరీలో సరిగ్గా తెలియాలి.

లెక్క తప్పేది సూత్రాల దగ్గర కాదు, పదార్థాల పేర్ల దగ్గర. మా నాన్నగారికి షుగర్ ఉండడంతో గుంటూరులోని మా ఇంట్లో రెండేళ్ళుగా ఇటువంటి షీటు వాడుతున్నాము, అందువల్ల ఈ మాట గట్టిగా చెప్పగలను.

నా ఫైలులో రెండు రకాల షీట్లున్నాయి. `Items` అనే షీటులో ఒక్కో పదార్థం పేరు, దాని పక్కన 100 గ్రాములకు ఎన్ని కేలరీలో ఉంటాయి. ప్రతి వంటకూ ఒక్కో వేరే షీటు ఉంటుంది. అందులో A నిలువు వరుసలో పేరు, B లో గ్రాములు, C5 నుంచి కిందికి ఈ సూత్రం:

```
=IF(A5="","",B5/100*VLOOKUP(A5,Items!$A$2:$B$200,2,FALSE))
```

చివర ఉన్న `FALSE` మానేస్తే, పేరు దొరకనప్పుడు వేరే పదార్థం విలువను తెచ్చి పెట్టే ప్రమాదం ఉంది.

మొదట్లో షీటులో `#N/A` కనిపించడం అసహ్యంగా ఉందని ఈ సూత్రాన్ని `IFERROR` లో చుట్టి, దొరకకపోతే సున్నా వేయమన్నాను. శ్రీరామనవమికి అమ్మ పులిహోర కలిపింది. బియ్యం 500 గ్రాములు, నువ్వుల నూనె 80, వేరుశెనగ గుళ్ళు 60, చింతపండు 60, శెనగపప్పు, మినప్పప్పు కలిపి 40 గ్రాములు తూచి రాశాను. పావు కిలో పులిహోరకు 371 కేలరీలని వచ్చింది. అదే షీటు పావు కిలో తెల్లన్నానికి 325 చూపిస్తోంది. అమ్మ ఆ అంకె చూసి, "ఏరా, అంత నూనె పోసి తాలింపు పెడితే తెల్లన్నానికీ దీనికీ తేడా ఇంతేనా?" అని అడిగింది.

వెతికితే, `Items` లో "నువ్వుల నూనె" అని విడదీసి రాసిన నేను వంట షీటులో "నువ్వులనూనె" అని కలిపి రాశాను. ఎక్సెల్‌కు అవి రెండు వేర్వేరు పదార్థాలు కనుక నూనె వరుసలో సున్నా పడింది, 720 కేలరీలు మాయమయ్యాయి. సరిచేశాక అసలు అంకె 484 అని తేలింది. మన భాషలో వేరుశనగ, వేరుశెనగ, గుళ్లు, గుళ్ళు అన్నీ చెల్లుతాయి కాబట్టి ఈ ప్రమాదం మనకు మరీ ఎక్కువ. వంట లెక్కలో `IFERROR` వాడనే కూడదని నా అభిప్రాయం. ఒక్క పేరు దొరకకపోయినా మొత్తం దగ్గర `#N/A` పడాలి, అప్పుడే వెతుకుతాము.

పేర్లను చేత్తో టైపు చేయకుండా A వరుసను ఎంచుకొని `Data Validation` లో `List` పెట్టి, `=Items!$A$2:$A$200` అని ఇవ్వండి. జాబితా నుంచే పేరు ఎంచుకోవచ్చు. అయితే వేరేచోటి నుంచి కాపీ చేసి అతికించిన పేరును ఈ కట్టడి ఆపదు. అలాగే "బియ్యం", "అన్నం" రెండూ విడివిడిగా ఉండాలి. బియ్యం 100 గ్రాములకు సుమారు 350, అన్నానికి సుమారు 130 కేలరీలు. పచ్చి బియ్యం తూచి "అన్నం" ఎంచుకుంటే పై పులిహోరలోనే 1100 కేలరీలు తగ్గిపోతాయి.

ఇక వంతు లెక్క. వేసిన పదార్థాలన్నీ కలిపితే 740 గ్రాములే, కానీ బియ్యం నీళ్ళు పీల్చుకోవడంతో కలిపిన పులిహోర 1600 గ్రాములు తూగింది. మొత్తం 3095 కేలరీలను 740తో భాగిస్తే పావు కిలోకు 1046 వస్తుంది, అది పూర్తిగా తప్పు. ఎప్పుడూ వండిన బరువుతోనే భాగించాలి. B22 లో C వరుస మొత్తం, B23 లో వండిన బరువు, B24 లో వంతు బరువు పెట్టుకుంటే ఇది చాలు:

```
=B22/B23*B24
```

వండిన బరువు తెలియాలంటే ఖాళీ గిన్నె బరువు ముందే తెలిసి ఉండాలి. వేడి పులిహోరను వేరే పాత్రలోకి తీసి గిన్నె తూచే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, మా ఇంట్లోని గిన్నెలన్నీ ఒక ఆదివారం తూచి, `Items` లోనే పక్కన రాసి పెట్టుకున్నాను. గారెలు, బజ్జీల వంటి వేపుళ్ళకైతే మూకుడులో పోసిన నూనె మొత్తం రాయకూడదు. వేపిన తరువాత మిగిలినది తూచి తీసివేసి, ఖర్చయినంతే B లో వేయాలి.

యూట్యూబ్ వంటలవారు "గుప్పెడు", "చిన్న గ్లాసు" అంటూ ఊరుకోవడం నాకు నిజంగా కష్టం కలిగిస్తుంది. ఎవరి గ్లాసు వారిది, దానితో లెక్క ఎలా కుదురుతుంది? అటువంటి వంటను మొదటిసారి చేసేటప్పుడు ప్రతిదాన్నీ మన గ్లాసుతో కొలిచి, వెంటనే తూకం మీద పెట్టి, గ్రాములనే రాసుకోవాలి. కొత్త వంటకు షీటును `Move or Copy` తో నకలు తీసి, A, B వరుసల్లోని పదార్థాల పేర్లు, గ్రాములతో పాటు B23 లోని పాత బరువును కూడా చెరిపేయండి, B22 లోని మొత్తాన్ని మాత్రం ముట్టుకోకండి. అది మిగిలిపోతే దోసకాయ పప్పుకు పులిహోర బరువుతో వంతు లెక్క వస్తుంది.