కల్చర్ నెగెటివ్ వచ్చినా కృత్రిమ కీలులో ఇన్ఫెక్షన్ ఉండవచ్చా?

మోకాలి కీలు మార్పిడి జరిగిన రెండేళ్లకు వాపు వచ్చింది. కీలు ద్రవంలోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఏమీ పెరగలేదు. ఇన్ఫెక్షన్ లేనట్టేనా?

అలా తేల్చలేం. బ్యాక్టీరియా లోహానికి పొరలా అతుక్కుని ఉంటుంది, ద్రవంలోకి కొద్దిగానే వస్తుంది. ముందే యాంటీబయాటిక్ వాడి ఉంటే అదీ దొరకకపోవచ్చు. అందుకే కృత్రిమ కీలు ఇన్ఫెక్షన్‌ను నిర్ధారించే 2018 ప్రమాణాలు శరీర స్పందనకూ మార్కులు ఇచ్చాయి. ఉదాహరణకు ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ అనే ప్రోటీన్ రక్తంలో లీటరుకు 10 మి.గ్రా. దాటితే 2, ఎర్రకణాలు అడుగుకు దిగే వేగమైన ఈఎస్ఆర్ గంటకు 30 మి.మీ. దాటితే 1, కీలు ద్రవంలో తెల్లకణాలు మైక్రోలీటరుకు 3,000 దాటితే 3. మొత్తం 6 వస్తే ఇన్ఫెక్షన్‌గానే లెక్క.

ఇన్ఫెక్షన్ అని తేలితే కీలును రెండు దశల్లో, అంటే రెండు ఆపరేషన్లలో మార్చడమే ఎప్పుడూ మేలన్నది అపోహ. క్రిమి ఏదో ముందే తెలిసి, చుట్టూ కండ, చర్మం బాగుంటే ఒకే ఆపరేషన్‌లో మార్చవచ్చు. ఇక్కడ క్రిమి తెలియదు కనుక సాధారణంగా పాత కీలు తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మె ఉంచి, కొన్ని వారాల తర్వాతే కొత్తది అమరుస్తారు.