ఫోటోలో చంద్రుడి వెడల్పును బట్టి బిలం సైజు లెక్కించడం

చంద్రుడి ఫోటో ఉంటే చాలు, అందులోని బిలం ఎన్ని కిలోమీటర్లో చెప్పొచ్చా?

చెప్పొచ్చు: బిలం పొడవును చంద్రుడి వెడల్పుతో భాగించి, 3,474 కి.మీ.తో గుణించాలి. చంద్రుడి అసలు వ్యాసం అదే. రెండూ ఒకే ఫోటోలో, దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి కాబట్టి కెమెరా జూమ్ ఎంతో తెలియనక్కర్లేదు.

ఉదాహరణకు, ఫోటోలో చంద్రుడు 1,800 పిక్సెళ్ల వెడల్పు ఉన్నాడనుకుందాం. అంటే ఒక పిక్సెల్ 1.93 కి.మీ. ఉత్తరాన నల్లగా కనిపించే ప్లేటో బిలం తూర్పు పడమరలుగా 52 పిక్సెళ్లు వస్తే, అది సుమారు 100 కి.మీ. దాని అసలు వ్యాసం 101 కి.మీ. కొలతలో ఒక్క పిక్సెల్ తప్పినా దాదాపు 2 కి.మీ. తేడా వస్తుంది, కాబట్టి చిన్న బిలాల విషయంలో ఈ లెక్కను అంతగా నమ్మలేం.

అదే ప్లేటోను ఉత్తర దక్షిణాలుగా కొలిస్తే 33 పిక్సెళ్లే, అంటే 64 కి.మీ.యే వస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే: బిలం నిజంగానే కోడిగుడ్డు ఆకారంలో ఉందనుకుని రెండింటి సగటు తీస్తారు. ప్లేటో దాదాపు గుండ్రమే. చంద్రుడు గోళం కావడంతో అంచు వైపున్న నేలను మనం ఏటవాలుగా చూస్తాం, అందుకే అది ఒక దిశలో నొక్కినట్టు కనిపిస్తుంది. నొక్కుకుపోని పొడవాటి వైపునే కొలవాలి.

నెలవంక ఫోటో అయితే వెలిగిన భాగం వెడల్పు పనికిరాదు. ఒక కొమ్ము కొన నుంచి మరో కొమ్ము కొన దాకా ఉన్న దూరమే చంద్రుడి వ్యాసం.