వెనక సిరా ముందుకొస్తే

“పర్లాకిమిడిలో తాతగారి నోటుపుస్తకం స్కాన్ చేస్తున్నాను. పల్చటి కాగితం, వెనక సిరా ముందు అక్షరాల్లో కలిసిపోతోంది.”

బహుశా స్కానర్ మూత తెలుపే కారణం. వెలుతురు కాగితం దాటి ఆ తెలుపుకు తగిలి, వెనక రాతను చూపిస్తూ తిరిగొస్తుంది. కింది పేజీ తెలుపూ అంతే.

1. పేజీ వెనక ఆనించి నల్ల చార్టు ముక్క పెట్టండి. చాలామంది వదిలేసేది ఇదే. పుస్తకం విప్పక్కర్లేదు, రెండు పేజీల మధ్య దూర్చితే చాలు. పేజీ కాస్త మసకగా వస్తుంది, టెన్షన్ పడకండి.

2. గ్రేస్కేల్‌లో 300 dpi పెట్టండి. బ్లాక్ అండ్ వైట్ మోడ్ వద్దు, వెనక గీతల్నీ నల్లగా మార్చేస్తుంది.

3. GIMP అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో Colors → Levels తెరిచి, Input Levels కింద కుడి చివరి తెల్ల త్రికోణాన్ని ఎడమకు జరపండి. తలకట్లు తెగుతుంటే కొంచెం వెనక్కి తీయండి.

నల్ల చార్టు పెట్టినా మరక తగ్గకపోతే సిరా కాగితంలోకి ఇంకిపోయినట్టే. అప్పుడు రెండోవైపు స్కాన్‌ను అద్దంలోలా తిప్పి పక్కన పెట్టుకోండి, ఏ గీత ఎటుదో తేలుతుంది.